గర్భిణికి నొప్పి మాత్ర, జలుబు మాత్ర, గ్యాస్ మందు: పేరు కాదు, స్ట్రిప్పు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి

ప్రశ్న: "నాకు ఆరో నెల. నడుము నొప్పి, జలుబు, తిన్న తర్వాత ఛాతీలో మంట, మూడూ ఒకేసారి పట్టుకున్నాయి. డాక్టరుగారిని కలవడానికి ఇంకా పది రోజులుంది. ఇంట్లో ఉన్న మాత్రల్లో ఏవి వేసుకోవచ్చు, ఏవి ముట్టుకోకూడదు? కడుపుతో ఉన్నప్పుడు ఏ మాత్రా వద్దని మా అత్తగారు అంటున్నారు."

సమాధానం:

నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే ఉన్న మాత్ర వేసుకోవచ్చు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, వీటిలో ఏది ఉన్నా మీ నెలలో వద్దు. జలుబుకు ముక్కులో ఉప్పునీటి చుక్కలు చాలు. తుమ్ములు, ముక్కు కారడం మరీ ఎక్కువగా ఉంటే సెట్రిజిన్ గానీ లోరాటడిన్ గానీ ఒక్కటే ఉన్న మాత్ర సరిపోతుంది. మూడు నాలుగు మందులు కలిపిన జలుబు మాత్రలు పక్కన పెట్టండి. ఛాతీలో మంటకు అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన మామూలు యాంటాసిడ్ సిరప్ గానీ, కాల్షియం కార్బొనేట్ నమిలే బిళ్ల గానీ ఫరవాలేదు. వంటసోడా, ఈనో లాంటి పొంగే పొడులు వద్దు. బీపీ, కాలేయం, మూత్రపిండాల జబ్బు గానీ, ఏదైనా మందు పడకపోవడం గానీ ఉన్నవాళ్లు వీటిని కూడా ముందు తమ డాక్టరును అడిగే వేసుకోవాలి. ఒక ఫోను చాలు, దానికి పది రోజులు ఆగనక్కర్లేదు.

నేను ప్రసూతి వైద్యురాలిని. ఓ మోస్తరు పట్టణంలో ఇరవై నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఇన్నేళ్లలో, ఇది గర్భిణులకు పనికిరాదని తెలిసీ వేసుకుని వచ్చిన ఆమెను నేను చూడలేదు. నేను చూసిన చిక్కులన్నీ ఒకే దారిలో వచ్చినవి. ఆమె "పారాసిటమాల్ వేసుకున్నాను" అనుకుంది, అందులో మరోటి కూడా ఉంది. అందుకని పేర్ల జాబితా కంటే, స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదవడం ఎలాగో చెబుతాను.

ఒక ఉదాహరణ. నాలుగేళ్ల కిందట ఒకామెకు 29వ వారంలో మామూలుగా స్కాన్ తీశాం. మొదటి కాన్పు, బీపీ లేదు, షుగర్ లేదు, అంతకు నెల ముందు తీసిన స్కాన్ అంతా సవ్యంగా ఉంది. ఈసారి ఉమ్మనీరు కొలత నాలుగున్నర సెంటీమీటర్లే వచ్చింది. ఐదు కంటే తక్కువైతే మేం ఉమ్మనీరు తగ్గిపోయినట్టు లెక్క వేస్తాం. మొదట నీరు కారుతోందేమోనని పరీక్ష చేశాను, కారడం లేదు. బిడ్డ బరువు బాగుంది, మాయ నుంచి బిడ్డకు వెళ్లే రక్తప్రవాహం బాగుంది. మందులేమైనా వాడుతున్నావా అమ్మా అని అడిగితే "ఐరన్, కాల్షియం, మీరు రాసినవే మేడమ్" అంది. పక్కన ఉన్న వాళ్లమ్మ అందుకుని, "నడుము నొప్పికి పారాసిటమాల్ వేసుకుంటోంది కదా" అని సంచిలోంచి స్ట్రిప్పు తీసి ఇచ్చింది. ముందువైపు పేరు, ఆ పేరు చివర ఒక అక్షరం. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో మొదటి వరుస: ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా. రెండో వరుస: పారాసిటమాల్ 325 మి.గ్రా. మందుల షాపులో "కడుపుతో ఉంది, పారాసిటమాల్ ఉన్న నొప్పి మాత్ర ఇవ్వండి" అని అడిగారట. అడిగినట్టే ఇచ్చారు, అందులో పారాసిటమాల్ ఉంది మరి. రోజుకు రెండు చొప్పున పదకొండు రోజులు వేసుకుంది.

మాత్ర ఆపించాను. బిడ్డ గుండెను ప్రత్యేకంగా చూసే స్కాన్ కూడా చేయించాను. అదృష్టవశాత్తూ అందులో తేడా లేదు. వారం తర్వాత ఉమ్మనీరు ఏడుకు, మరో పది రోజులకు పదకొండుకు వచ్చింది. నెలలు నిండాకే కాన్పయింది. మందు ఆపితే ఉమ్మనీరు చాలావరకు ఇలాగే తిరిగి పెరుగుతుంది. కానీ అసలు ఎందుకు తగ్గింది?

ఐదో నెల తర్వాత ఉమ్మనీరులో ఎక్కువ భాగం బిడ్డ పోసే మూత్రమే. బిడ్డ మూత్రపిండాలకు రక్తం సరిగా అందాలంటే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కావాలి. నొప్పి, వాపు పుట్టించేవీ ప్రోస్టాగ్లాండిన్లే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుటుంబపు మాత్రలు నొప్పిని తగ్గించేది వీటి తయారీని అడ్డుకునే. తల్లి నడుములో అడ్డుకున్నట్టే, మాయ దాటి వెళ్లి బిడ్డ మూత్రపిండాల్లోనూ అడ్డుకుంటాయి. అప్పుడు మూత్రం తగ్గుతుంది, దానితో ఉమ్మనీరూ తగ్గుతుంది. సాధారణంగా ఇందుకు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వాడకం పడుతుంది. అరుదుగా రెండు రోజుల్లోనే కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో ఈ కారణంతోనే 20వ వారం నుంచి ఈ మాత్రలు మానాలని హెచ్చరించింది. అంతకు ముందు పుస్తకాల్లో 30 వారాల గీత ఒక్కటే ఉండేది. అందువల్ల పాత అలవాటు కొద్దీ "ఏడో నెల దాకా ఫరవాలేదు" అనే మాట మీకు ఇప్పటికీ వినబడవచ్చు.

ఆ 30 వారాల గీతకు కారణం వేరు. కడుపులో ఉన్నంత కాలం బిడ్డ ఊపిరితిత్తులు గాలి పీల్చవు. అందుకే గుండె నుంచి ఊపిరితిత్తుల వైపు వెళ్లే రక్తాన్ని పెద్ద ధమనిలోకి మళ్లించే ఒక చిన్న అడ్డదారి ఉంటుంది. పుట్టాక అది దానంతట అదే మూసుకుపోతుంది. పుట్టేదాకా దాన్ని తెరిచి ఉంచేవాటిలో ప్రోస్టాగ్లాండిన్లు ముఖ్యమైనవి. చివరి మూడు నెలల్లో ఈ నొప్పి మాత్రలు వేసుకుంటే, ఆ దారి ముందే ఇరుకై బిడ్డ గుండె మీద భారం పడే ప్రమాదం ఉంది. నేను ఆమెకు గుండె స్కాన్ చేయించింది ఇది చూడడానికే.

ఇక్కడ వారాల లెక్క గురించి ఒక మాట. మన ఇళ్లలో నెలల లెక్క ఒక్కొక్కరిది ఒక్కో తీరు. "ఆరో నెల" అంటే కొందరికి ఐదు నిండి ఆరు నడవడం, కొందరికి ఆరు నిండడం. మందుల విషయంలో నెలలు పక్కన పెట్టి, చివరి నెలసరి మొదటి రోజు నుంచి వారాలు లెక్కపెట్టండి. మీ స్కాన్ రిపోర్టు పైవరుసలోనే వారాలు, రోజులు రాసి ఉంటాయి. ఎలా లెక్కించినా మీరు 20 వారాలు దాటారు.

ఇప్పుడు స్ట్రిప్పు చదవడం. పారాసిటమాల్ అన్న మాట కనబడగానే ఆగిపోకండి, ఆ మాట కింద ఇంకో మందు పేరు ఉందా అని చూడండి. ఒకే వరుస, పారాసిటమాల్ 500 గానీ 650 గానీ ఉంటే అది మీరు వెతికే మాత్ర. క్రోసిన్, కాల్పాల్, డోలో అన్నవి మనకు తెలిసిన పేర్లే, కానీ ఒకే పేరుతో వేరే రకాలు కూడా వస్తుంటాయి కాబట్టి వాటినీ తిప్పి చూడాల్సిందే. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ ఉంది, డిస్ప్రిన్ అంటే ఆస్పిరిన్, నెలసరి నొప్పికి వాడే మెఫ్తాల్ స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్ ఉంది. ఈ మూడూ చాలా ఇళ్లలో ఫ్రిజ్ మీద డబ్బాలో ఉండేవే.

పేరు చివర అతికించిన అక్షరాలు ఏదో ఒకటి కలిపారని చెప్పే గుర్తులు. నడుము నొప్పి మాత్రల చివర 'పీ' ఉంటే తరచుగా పారాసిటమాల్ కలిపారని, 'ఎస్పీ' ఉంటే వాపు తగ్గిస్తుందనే మరో ఎంజైము కూడా కలిపారని, 'ఎంఆర్' ఉంటే కండరాలను సడలించే మందు ఉందని అర్థం. ప్రతి కంపెనీ ఒకే పద్ధతి పాటించదు, కాబట్టి అక్షరాన్ని హెచ్చరికగా తీసుకోండి గానీ, దాన్ని బట్టే తేల్చేయకండి. వీటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది నడుము పట్టేసినప్పుడు రాసే థయోకాల్చికోసైడ్. శరీరంలో దాని నుంచి పుట్టే ఒక పదార్థం కణాల్లో క్రోమోజోముల లెక్క తప్పించగలదని తేలడంతో, యూరప్ మందుల సంస్థ 2013లో గర్భిణులకు అది అసలు వద్దని చెప్పింది. మన దగ్గర ఎముకల డాక్టర్ల చీటీల్లో అది తరచుగా కనబడుతుంది. మీ పాత చీటీతో పాత మాత్రలు తెచ్చుకోకూడదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలు కాగితం కవరులో పోసి ఇస్తే తీసుకోకండి. పేరు ఒక ముక్కలో, తేదీ ఇంకో ముక్కలో పోతుంది. పూర్తి స్ట్రిప్పు కొనండి, పారాసిటమాల్ ఖరీదు ఎంతని.

మోతాదు విషయానికొస్తే, 500 మి.గ్రా. మాత్ర ఒకటి. అది చాలకపోతే 650. రెండు మాత్రల మధ్య కనీసం ఆరు గంటలు, రోజుకు నాలుగు దాటకూడదు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది, సొంతంగా రెండు మూడు రోజులే, ఆ తర్వాత కూడా నొప్పి ఉంటే ఫోను చేయండి అని. తగ్గని నొప్పికి రోజూ మాత్ర వేసుకుంటూ పోతే, నొప్పి ఎందుకో తెలియకుండా పోతుంది. ఆరో నెలలో నడుము నొప్పి అనుకున్నది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అయి తేలడం నేను ఎన్నోసార్లు చూశాను. చలి, మూత్రంలో మంట, నడుముకు ఒక పక్కనే నొప్పి ఉంటే అది మాత్రతో పోయేది కాదు. ఇక నొప్పి వస్తూ పోతూ, పొట్ట గట్టిపడుతూ ఉంటే అది నడుము నొప్పి కాకపోవచ్చు, నెలలు నిండకుండా మొదలైన పురిటి నొప్పులు కావచ్చు.

పారాసిటమాల్ మీద కూడా ఈ మధ్య భయం పుట్టింది. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం దాన్ని పిల్లల్లో ఆటిజంతో ముడిపెట్టి మాట్లాడినప్పటి నుంచి నాకు వారానికి ఇద్దరు ముగ్గురైనా దీని గురించి అడుగుతున్నారు. నేను వాళ్లకు చెప్పేది స్వీడన్‌లో జరిగిన అధ్యయనం గురించి. 1995 నుంచి 2019 దాకా పుట్టిన దాదాపు 25 లక్షల మంది పిల్లలను పరిశీలించి 2024లో దాన్ని ప్రచురించారు. పైపైన చూసినప్పుడు, పారాసిటమాల్ వాడిన తల్లుల పిల్లల్లో ఆటిజం రవ్వంత ఎక్కువగా కనబడింది. కానీ ఒకే తల్లి పిల్లల్లో, మందు వాడిన కాన్పునూ వాడని కాన్పునూ పోల్చి చూస్తే ఆ తేడా మాయమైంది. అంటే తేడా మందు వల్ల కాక, ఆ కుటుంబంలో ఉన్న వేరే కారణాల వల్ల అయి ఉండే అవకాశమే ఎక్కువ. మీ అత్తగారికి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. అవసరం లేని మాత్ర వద్దన్న ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ జ్వరం 102 ఉన్నా ఓర్చుకోవాలంటే మాత్రం నేను ఒప్పుకోను. గర్భం మొదటి వారాల్లో తీవ్రమైన జ్వరానికి, బిడ్డ వెన్నెముక, మెదడు ఏర్పడడంలో వచ్చే లోపాలకు సంబంధం ఉందని తెలుసు. జ్వరాన్ని మాత్ర వేసి దించాలి. 24 గంటలు దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి.

ఒక మినహాయింపు మరచిపోకూడదు. డాక్టరు రాసిన 75 లేదా 150 మి.గ్రా. ఆస్పిరిన్ మాత్రను ఇది చదివి ఆపేయకండి. బీపీ పెరిగే ముప్పు ఉన్నవాళ్లకు అది ముప్పు తగ్గించడానికి కావాలనే ఇస్తాం, వీలైతే 16వ వారంలోపే మొదలుపెడతాం. తలనొప్పికి వేసుకునే 300 పైచిలుకు మి.గ్రా. ఆస్పిరిన్‌కు, దీనికి పోలిక లేదు. ఇలాంటి సమాధానం ఒకటి ఎక్కడో చదివి ఆ చిన్న మాత్ర మానేసి, నెల తర్వాత పెరిగిన బీపీతో వచ్చిన ఒకామె నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇంకో సంగతి, గర్భం అని తెలియకముందు మొదటి వారాల్లో ఒకటి రెండు ఐబుప్రోఫెన్ మాత్రలు వేసుకున్నవాళ్లు రాత్రుళ్లు నిద్ర మానుకోనక్కర్లేదు. మీ డాక్టరుకు చెప్పండి, అంతే. అందుకోసం గర్భం తీయించుకునే ఆలోచన చేయాల్సిన పని అసలు లేదు.

మాత్ర కాదు కదా అని నొప్పి సూదికి, పూసుకునే జెల్‌కు ఎవరూ లెక్క చెప్పరు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "ఒక సూది వేయండి" అంటే పడేది చాలాసార్లు డైక్లోఫెనాకే. పన్ను పీకించుకున్నా సరే, ముందుగా ఎన్నో వారమో చెప్పండి. జెల్ చర్మం గుండా కొంచెమే లోపలికి వెళ్తుంది, అయినా రోజుకు నాలుగుసార్లు నడుమంతా పూయడం మంచిది కాదు, చివరి మూడు నెలల్లో వద్దే వద్దు. మీ నడుముకు వేడినీళ్ల సంచి, గోరువెచ్చగా, పావుగంట పెట్టండి. పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. నా అనుభవంలో సగం మందికి మాత్ర అవసరం పడకుండా చేసేది ఆ దిండే.

ఇక జలుబు. జలుబు దానంతట అదే వారంలో పోతుంది, ఏ మాత్రా దాన్ని తొందరగా పంపించదు. జలుబు మాత్ర అని షాపులో ఇచ్చేదాన్ని తిప్పి చూస్తే సాధారణంగా మూడు వరుసలుంటాయి: పారాసిటమాల్, ఫినైల్‌ఎఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ లేదా సెట్రిజిన్. కొన్నిట్లో కెఫీన్ కూడా ఉంటుంది. నాకు అభ్యంతరం ఉన్నది ముఖ్యంగా ఆ రెండో వరుసతో. ఫినైల్‌ఎఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ రెండూ రక్తనాళాలను బిగించి ముక్కు దిబ్బడ తగ్గించాలని పెట్టినవి. రక్తనాళాలు ముక్కులో మాత్రమే బిగుసుకోవు, బీపీ పెరగవచ్చు. గర్భిణికి బీపీ ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. మొదటి మూడు నెలల్లో అయితే బిడ్డ పొట్ట గోడలో వచ్చే ఒక అరుదైన లోపంతో వీటికి సంబంధం ఉండవచ్చని కొన్ని పరిశీలనలు చెప్పాయి. పోనీ ఇంత చేసి ఉపయోగమైనా ఉందా అంటే, నోటితో మింగే ఫినైల్‌ఎఫ్రిన్ ముక్కు దిబ్బడకు పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికా సంస్థ నిపుణుల కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. పనిచేయని మందు కోసం చిన్న ముప్పైనా ఎందుకు తెచ్చుకోవడం?

ఇందులోనే రెండో ఉచ్చు ఉంది. జలుబు మాత్రలో పారాసిటమాల్ ఉందని తెలియక, జ్వరానికి విడిగా పారాసిటమాల్ వేసుకుంటారు. ఒకామె రోజుకు మూడు జలుబు మాత్రలు, నాలుగు 650 మాత్రలు వేసుకున్నానని చెబితే అక్కడే కూర్చోబెట్టి లెక్క కట్టాను. జలుబు మాత్రల్లో 1500, విడి మాత్రల్లో 2600, మొత్తం 4100 మి.గ్రా. ఒక్క రోజులో. పెద్దవాళ్లెవరికైనా చెప్పే గరిష్ఠ పరిమితి 4000. ఆమె బరువు చూస్తే 46 కిలోలు. కాలేయ పరీక్షలు చేయించాం, బాగానే వచ్చాయి, కానీ ఆ వారం గడిచేదాకా నాకు మనసు మనసులో లేదు.

ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు రోజుకు ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు, అందులో మందే లేదు. ఆవిరి పట్టడం హాయిగా ఉంటుంది, కాకపోతే మరిగే గిన్నె ఒళ్లో పెట్టుకుని దుప్పటి కప్పుకోవద్దు. పొట్ట ముందుకొచ్చాక గిన్నె ఒరిగి తొడలు కాలినవాళ్లకు నేను కట్లు కట్టాను. జైలోమెటజోలిన్ లాంటి ముక్కు చుక్కలు డాక్టరును అడిగాకే, అదీ రెండు మూడు రోజులే. ఎక్కువ వాడితే ఆపగానే దిబ్బడ రెట్టింపవుతుంది. సెట్రిజిన్ రాత్రిపూట ఒకటి. కొంచెం మత్తుగా ఉంటుంది, పొద్దున్నే బండి నడపాల్సినవాళ్లయితే లోరాటడిన్ మేలు.

దగ్గుకు తేనె, గోరువెచ్చని నీళ్లు, మిరియాల పాలు మామూలుగా వంటింట్లో వాడే పాళ్లలో తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. నిద్ర పట్టనివ్వని పొడి దగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఒక్కటే ఉన్న సిరప్ డాక్టరును అడిగి వాడుకోవచ్చు. కోడీన్ ఉన్నవి, అయొడైడు ఉన్నవి వద్దు. అయొడైడు ఎక్కువైతే బిడ్డ థైరాయిడ్ దెబ్బతింటుంది. ఇక "ఆయుర్వేదమే కదా" అని తాగే దగ్గు మందుల సంగతి. వీటిలో చాలావాటిలో అతిమధురం ఉంటుంది. దానిలోని గ్లిసిరైజిన్ ఎక్కువ మోతాదులో బీపీ పెంచుతుంది, ఒంట్లో నీరు నిలిపేస్తుంది. ఫిన్లాండ్‌లో అతిమధురం మిఠాయిలు ఎక్కువగా తిన్న గర్భిణుల పిల్లలను గమనించి, అక్కడ గర్భిణులు దాన్ని మానాలనే చెబుతారు. ఎప్పుడో ఒక ముక్క చప్పరిస్తే ఏమీ కాదు, కానీ రోజుకు మూడుసార్లు రెండేసి చెంచాల సిరప్ వేరు. సీసా వెనక యష్టిమధు అని రాసి ఉన్నా అది అతిమధురమే.

మీ మూడో బాధ ఛాతీలో మంట. దీనిలో భయపడాల్సింది తక్కువ. ఆ గులాబీ రంగు, తెల్ల రంగు సిరప్‌లలో ఎక్కువగా ఉండేవి అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్. రెండు చెంచాలు, తిన్న గంటకు, పడుకునే ముందు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ ఉన్న రకం కడుపులోని పదార్థం మీద తెట్టులా తేలి పైకి రాకుండా ఆపుతుంది, పడుకుంటే పుల్లనీళ్లు గొంతులోకి వచ్చేవాళ్లకు అది బాగుంటుంది. వంటసోడా, పొంగే పొడులు ఎందుకు వద్దంటే వాటిలో సోడియం బైకార్బొనేట్ ఉంటుంది, ఆ సోడియం ఒంట్లో నీరు పట్టేలా చేస్తుంది. కాళ్ల వాపులున్న నెలల్లో అది మంచిది కాదు.

వీటితో కూడా మంట తగ్గకపోతే ఫామోటిడిన్, ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి గర్భంలో మేమే రాస్తాం, భయం లేదు. కానీ రాయించుకుని వాడండి, ఎందుకంటే ఇక్కడా అక్షరాల గోల ఉంది. పేరు చివర 'డీ' అని ఉంటే వాంతుల మందు డోంపెరిడోన్ కలిసి ఉంటుంది, మీకు అది అవసరం లేకపోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, అల్సర్లు రాకుండా అని వాడే మిసోప్రోస్టాల్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది, గర్భం పోవడానికి కారణమవుతుంది. డైక్లోఫెనాక్‌తో కలిపి కీళ్ల నొప్పులవాళ్లకు ఇచ్చే మాత్రలు కూడా ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే, వాళ్ల డబ్బాలోంచి మీరు ఒక్క మాత్ర కూడా తీసుకోకండి.

యాంటాసిడ్‌తో కనబడని నష్టం ఒకటుంది. మీకు ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో మంట వస్తుందని, దాని వెనకే ఈ సిరప్ తాగుతారు. అప్పుడు ఐరన్ ఒంటికి పట్టదు. నెలల తరబడి ఐరన్ మింగినా హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గరే ఆగిపోయిందని ఒకామెను నా దగ్గరికి పంపారు. ఆమె చేసిన పొరపాటు ఇదొక్కటే. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి, కాల్షియం మాత్ర కూడా ఐరన్‌కు దూరంగానే. నేను ఆమెకు ఐరన్ పొద్దున పదకొండుకు నిమ్మరసంతో, కాల్షియం భోజనాల తర్వాత, సిరప్ రాత్రి పడుకునే ముందు అని కాగితం మీద రాసిచ్చాను. ఆరు వారాల్లో పదిన్నరకు వచ్చింది.

చివరగా, "గ్యాస్" అన్న మాట దగ్గర జాగ్రత్త. 34వ వారంలో ఒకామె మూడు రాత్రులు పొట్ట పైభాగంలో నొప్పికి సీసా సిరప్ తాగేసింది. కారం తిన్నానేమో అనుకుంది. నాలుగో రోజు వచ్చేసరికి బీపీ 160/110, రక్తంలో ప్లేట్‌లెట్లు సగానికి పడిపోయాయి, కాలేయ పరీక్షలు చెడ్డగా ఉన్నాయి. ఆ రాత్రే ఆపరేషన్ చేసి బిడ్డను తీశాం, ఇద్దరూ దక్కారు. పెద్దవాళ్లు గుర్రపువాతం అనే ఫిట్స్‌కు ఒక్క అడుగు దూరంలో ఉంది ఆమె. మామూలు మంట ఛాతీ మధ్యలో, తిన్నాక, పడుకున్నాక వస్తుంది, సిరప్‌కు కాస్తయినా తగ్గుతుంది. ఈ నొప్పి పక్కటెముకల కింద, ముఖ్యంగా కుడివైపు, తిండితో పనిలేకుండా పట్టి ఉంచుతుంది, సిరప్‌కు లొంగదు. దానితో పాటు తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మిణుగురులు, ఉన్నట్టుండి ముఖం, చేతులు ఉబ్బడం ఉంటే ఇక ఆలోచించకండి. దగ్గర్లో ఎవరి దగ్గరైనా వెంటనే బీపీ చూపించండి, 140/90 దాటితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బీపీ చూపించుకునే వీలు లేకపోయినా వెళ్లండి. బండి దొరకకపోతే 108కి ఫోను చేయండి, అర్ధరాత్రి అయినా సరే. ఆ పది రోజుల అపాయింట్‌మెంటు మామూలు నడుము నొప్పికి, జలుబుకు, మంటకు మాత్రమే.